చిటికెడు సోడా

గులాం మొహిద్దీన్‌కు నిమిషం లెక్కపెట్టడానికి గడియారం అక్కర్లేదు. ముప్ఫై రెండేళ్లుగా నీటి బుడగలు లెక్కపెట్టిన వేళ్లవి. బొటనవేలితో చూపుడువేలి కణుపుల మీద ఒక్కొక్కటే దాటుకుంటూ పోతాడు, సరిగ్గా అరవై సెకన్లకు ఆగుతాడు. కాలేజీకి కొత్తగా వచ్చిన ఏ సారైనా నమ్మక సెల్‌ఫోన్ తీసి చూడాల్సిందే, చూశాక నోరు మూసుకోవాల్సిందే.

గూడూరు దాటాక అడవి అంచున ఉండే ఊళ్లలో ఒకదాంట్లో సర్కారు జూనియర్ కాలేజీ ఉంది. దాని పేరు ఇక్కడ ఎందుకులెండి, జరిగింది తెలిస్తే చాలు. అందులో బాటనీ ల్యాబుకు మొహిద్దీన్ అటెండర్. చేరినప్పుడు ఊడ్చే పని, నెలకు ఇంత అని చేతిలో పెట్టేవాళ్లు. తర్వాత పర్మినెంటు అయింది. తండ్రి గిన్నెలకు కళాయి పూసేవాడు కాబట్టి ఈయనకూ చేతిపని వంటబట్టింది. పాలపొడి డబ్బాలకు అడుగున రంధ్రం పొడిచి, బల్బు బిగించి, పది టేబుల్ ల్యాంపులు ఆయనే చేశాడు. పగిలిన బీకరు అంచు అరగదీసి మళ్లీ పనికి తెచ్చాడు. పదో తరగతి తప్పిన మనిషే, కాకపోతే ఆ ల్యాబులో ఏ సీసా ఏ అరలో ఉందో ప్రిన్సిపాల్‌కు తెలియదు, ఈయనకు తెలుసు.

ఆయన గొప్పంతా నాచు దగ్గర ఉంది. పుస్తకాల్లో హైడ్రిల్లా అంటారు, ఊళ్లో మాత్రం నాచే. ఎప్పుడో కాలువలో నుంచి తెచ్చి ల్యాబు వెనుక సిమెంటు తొట్టిలో వేశాడు, అది నేటికీ అక్కడే పెరుగుతోంది. ప్రయోగం రోజు తెల్లారగానే తొట్టి ముందు గొంతు కూర్చుని, ఒకే తీగ నుంచి ఒకే పొడవు కొమ్మలు, కొత్త బ్లేడుతో, నీళ్లలోనే ఉంచి కోస్తాడు. వెలుతురు పడితే కోసిన కాడ కొన నుంచి ఆక్సిజన్ బుడగలొస్తాయి. నీళ్ల బయట కోస్తే కాడలోకి గాలి దూరుతుంది, బుడగల లెక్క పాడవుతుంది. వేలితో నొక్కితే కాడ మూసుకుపోతుంది, అసలు బుడగే రాదు. ఈ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు, చెయ్యి నేర్చుకుంది.

అంత తెలిసిన మనిషికి ఒక్కటి మాత్రం తెలియదు. పిల్లలు చివర్లో చదరాల కాగితం మీద గీసే గీత ఏం చెబుతుందో తెలియదు. ల్యాంపు దగ్గరికి జరిపితే బుడగలు ఎక్కువ, దూరం జరిపితే తక్కువ, అంతవరకే ఆయన చదువు. ఎక్కువ బుడగలు వచ్చిన పిల్లలు ఎగిరి గంతులేస్తారు, రానివాళ్లు మొహం వేలాడేస్తారు. అందుకని బుడగలు ఎక్కువైతే మార్కులు ఎక్కువని ఆయన లోపల ఒక నిశ్చయం చేసుకున్నాడు. ముప్ఫై రెండేళ్లలో ఆయన్ను పక్కన కూర్చోబెట్టి కాదని చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. చెప్పాలని ఎవరికైనా తోస్తే కదా.

నిజం మాట్లాడుకుంటే, చాలా చోట్ల ఈ ప్రయోగం నల్లబోర్డు మీదే జరిగి నల్లబోర్డు మీదే ముగుస్తుంది. బాటనీ చెప్పే మనోరమ మేడమ్ అట్లాంటిది కాదు. పిల్లలు కళ్లతో చూడాలి, చేత్తో లెక్కపెట్టాలి, అప్పుడే గీయాలి అంటుంది. ఏడేళ్లుగా అదే పట్టు. మొహిద్దీన్‌కు ఆమె అంటే కొంచెం భయం, చాలా గౌరవం.

ఆ ఏడు సెకండియర్ బైపీసీలో అలేఖ్య అనే పిల్ల ఉండేది. పెద్దవంగర నుంచి వచ్చి గూడూరులో మేనత్త ఇంట్లో ఉండి చదువుకునేది. బక్కపలచని పిల్ల, నెమ్మదస్తురాలు. ఒక పని మొదలుపెడితే మాత్రం పక్కన పిడుగు పడ్డా తల ఎత్తదు. మిగతా పిల్లలకు మొహిద్దీన్ అంటే "ఓ భాయ్, బీకరియ్యి" అనే వరకే. ఈ పిల్ల మాత్రం మొదటి రోజే "చాచా, గీ నాచు ఎక్కడ దొరికింది?" అని అడిగింది. అడిగి ఊరుకోలేదు, రికార్డు పుస్తకంలో ప్రయోగం పేరు కింద రాసుకుంది: "హైడ్రిల్లా పెంచినవారు: గులాం మొహిద్దీన్ చాచా." అది చదివిన రోజు మొహిద్దీన్ ఇంటికి పోయి భార్య హమీదాతో నాలుగుసార్లు చెప్పాడు. అయిదోసారి మొదలుపెట్టేసరికి ఆమె అన్నం గిన్నె ముందు పెట్టి, "తిను, చల్లారుతుంది" అంది.

ప్రాక్టికల్ పరీక్షకు వారం ముందు మనోరమ మేడమ్ ఒక రిహార్సల్ పెట్టింది. బోర్డు మీద మూడు గీతలు గీసింది. మూడూ ఒకే చోట పుట్టి, కొంతదూరం ఒకదానిమీద ఒకటి పడి పైకి ఎక్కుతున్నాయి. తర్వాత ఒకటి ముందే వాలి అడ్డంగా సాగింది, రెండోది ఇంకొంచెం ఎక్కి సాగింది, మూడోది అన్నిటికంటే పైకి పోయి సాగింది.

"అడ్డంగా ఉన్న గీత వెలుతురు. నిలువుది కిరణజన్య సంయోగక్రియ వేగం. కింది గీతకు కార్బన్ డయాక్సైడ్ తక్కువ, ఇరవై డిగ్రీలు. నడిమి దానికి కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ, అవే ఇరవై డిగ్రీలు. పై దానికి కార్బన్ డయాక్సైడ్ ఎక్కువే, ముప్ఫై డిగ్రీలు. ఎక్కుతున్న చోట ఏది అడ్డం? వాలినచోట ఏది అడ్డం? గిది చెప్పగలిగితే మీకు అవధి కారకం, అంటే పనికి అడ్డం పడేది, అర్థమైనట్టే" అంది.

వెనుక గాజుసామాను తుడుస్తున్న మొహిద్దీన్‌కు ఒక్క ముక్క పట్టుబడలేదు. ఆయన కళ్లు అలేఖ్య బల్ల మీదే ఉన్నాయి. ఆ రోజు పిల్ల తొందరలో కాడను వేళ్లతో గట్టిగా పట్టుకుంది. నిమిషం గడిచింది, రెండు గడిచాయి, ఒక్క బుడగా లేదు. ల్యాంపును బీకరుకు బాగా దగ్గరికి తెచ్చింది. అయినా లేదు. పక్క బల్ల పిల్లలు నవ్వారు. అలేఖ్య వరుసగా సున్నాలు రాసుకుని, తల వంచి, అట్లాగే కూర్చుంది. కన్నీళ్లు చదరాల కాగితం మీద పడ్డాయి. మొహిద్దీన్ కొత్త కొమ్మ కోసుకుని వచ్చేలోగా బెల్లు కొట్టేశారు.

ఆ కాగితం మీది తడి ఆయన మనసులోంచి పోలేదు. ఇది పరీక్ష రోజు జరిగితే ఏం గాను? ప్రాక్టికల్‌లో తప్పితే బాటనీ తప్పినట్టే, బాటనీ తప్పితే ఏడాది పోయినట్టే. ఆ పిల్లకు అగ్రికల్చర్ బీఎస్సీ చదవాలని ఆశ, ఆ సంగతి ఆయనకే చెప్పింది ఒకసారి. ఏడాది పోతే మేనత్త ఇంట్లో ఇంకెన్నాళ్లు ఉంచుకుంటారు? వారమంతా ఆయనకు ఇదే పరేషాన్.

పరీక్ష రోజు పొద్దున్నే వంటింట్లో డబ్బాలు తీసి చూస్తున్నాడు. హమీదా నిద్రలేచి వచ్చింది.

"ఏం వెతుకుతున్నవ్ జీ?"

"వంటసోడా."

"ఎందుకు?"

"కడుపు ఉబ్బరం."

"సోడా తింటే గుండెకు మంచిది కాదు, జీలకర్ర నమలు" అంది హమీదా. ఆయన సరేనని, ఆమె మొహం కడుక్కోవడానికి పోగానే, చిటికెడు సోడా పాత పేపరు ముక్కలో మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ముప్ఫై ఆరేళ్ల కాపురంలో భార్యకు అబద్ధం చెప్పడం ఆయనకు బొత్తిగా చేతకాదు. బయటికొచ్చి సైకిల్ ఎక్కేదాకా చెవులు వేడిగానే ఉన్నాయి.

సోడా సంగతి ఆయనకు ఎట్లా తెలుసంటే, ఎన్నేళ్లుగానో చూస్తున్నాడు కాబట్టి. మేడమ్ ప్రతిసారి పెద్ద టబ్బు నీళ్లలో కొలిచి కాస్త సోడా కలుపుతుంది. సోడా కరిగితే నీళ్లలో ఆకుకు కావాల్సిన కార్బన్ డయాక్సైడ్ అందుతుంది. ఆయనకు తెలిసింది మాత్రం సోడా పడితే బుడగలు పెరుగుతాయని. ఆ రోజు కూడా తూకం వేసి కలిపింది. కలిపి, "మొహిద్దీన్ భాయ్, గీ టబ్బు నీళ్లే అందరికీ పొయ్యండి. వేరే ఏదీ కలవొద్దు. పది బీకర్లు ఒక్క తీరుగ ఉండాలె" అని మరీ చెప్పింది. "అట్లనే మేడమ్" అన్నాడు మొహిద్దీన్. అబద్ధం ఆడటం పొద్దున్నుంచి ఇది రెండోసారి.

కిటికీలకు నల్లగుడ్డలు కట్టారు. పది బల్లలు, పది బీకర్లు, పది ల్యాంపులు, బీకరుకూ ల్యాంపుకూ నడుమ వేడి తగలకుండా ఒక్కో గాజు నీళ్లతొట్టి, ప్రతి బీకరులో ఒక థర్మామీటరు. పిల్లలు చీటీలు తీశారు. అలేఖ్యకు ఏడో బల్ల. మొహిద్దీన్ అన్ని బీకర్లలోనూ నీళ్లు పోశాడు, అన్నిట్లోనూ కొమ్మలు పెట్టాడు. ఏడో బల్ల దగ్గర వంగినప్పుడు జేబులో చెయ్యి పెట్టాడు. కాగితం మడత విప్పడం, సోడా నీళ్లలో పడటం, గాజు కడ్డీతో ఒక్క తిప్పు తిప్పడం, అన్నీ దగ్గినంతసేపట్లో అయిపోయాయి. ఎవరూ చూడలేదు. అమ్మయ్య అనుకున్నాడు. బిడ్డ గట్టెక్కిందనుకున్నాడు.

పరీక్ష చేయించడానికి వచ్చిన యుగేందర్ సార్ భూపాలపల్లి మనిషి. నల్లగుడ్డ చీకట్లోనూ కళ్లద్దాలు తుడుచుకుని ప్రతి థర్మామీటరూ చూసేరకం. అరవై సెంటీమీటర్ల దూరంలో ల్యాంపు పెట్టి మొదలుపెట్టమన్నాడు. తర్వాత ముప్ఫై, ఇరవై, పదిహేను, పన్నెండు. ప్రతిచోటా రెండు నిమిషాలు ఆగి, మూడుసార్లు లెక్కపెట్టి, సగటు రాయాలి. దూరం సగమైతే వెలుతురు రెండింతలు కాదు, నాలుగింతలు. అందుకని అరవై దగ్గరి వెలుతురును ఒకటనుకుంటే ముప్ఫై దగ్గర నాలుగు, ఇరవై దగ్గర తొమ్మిది, పదిహేను దగ్గర పదహారు, పన్నెండు దగ్గర ఇరవై అయిదు. గ్రాఫులో అడ్డంగా ఆ అంకెలే వేసుకోవాలి.

గంట గడిచింది. యుగేందర్ సార్ చేతులు వెనక్కి కట్టుకుని కాగితాలు చూసుకుంటూ వస్తున్నాడు. ఒకటో బల్ల, రెండో బల్ల, ఆరో బల్ల. కొంచెం అటూ ఇటూ ఉన్నా అందరివీ ఒకే తీరు. నిమిషానికి మూడు, పన్నెండు, ఇరవై, ఇరవై రెండు, ఇరవై రెండు. గీత ఎక్కి, వంగి, అడ్డంగా పడుకుంది. ఏడో బల్ల దగ్గర ఆగి, అంకెలు పైకి చదివాడు. మూడు, పన్నెండు, ఇరవై ఆరు, ముప్ఫై ఏడు, నలభై రెండు.

మొహిద్దీన్ గోడకు ఆనుకుని నిలబడి చూస్తున్నాడు. నలభై రెండు అని వినగానే ఆయన ఛాతీ పొంగింది. పాపం, ఆ ఆనందం నిండా అరనిమిషం కూడా లేదు.

"గివి నువ్వు లెక్కపెట్టినవా, కూసొని రాసుకున్నవా?" అన్నాడు యుగేందర్ సార్.

"లెక్కపెట్టిన సార్."

"అందరికీ ఇరవై రెండు దాటలే. నీకొక్కదానికే నలభై రెండా? పుస్తకంలో బొమ్మ చూసి వేసుకున్నట్టున్నది."

అలేఖ్య బీకరు వైపు చూపించింది. "మీరే లెక్కపెట్టి చూడుండ్రి సార్."

ల్యాంపు పన్నెండు దగ్గరే ఉంది. ఆయన కూర్చుని లెక్కపెట్టాడు. నలభై ఒకటి. మళ్లీ లెక్కపెట్టాడు. నలభై రెండు. ల్యాబులో పెన్నుల చప్పుడు ఆగిపోయింది. మనోరమ మేడమ్ తన కుర్చీలో నుంచి లేచి వచ్చింది.

"అయితే అంకెలు నిజమే. మరి నీ బీకరులో ఏమున్నది? చెప్పు, గ్రాఫు నీ ముందటనే ఉన్నది. నీ గీత ఎందుకు పోలేదు అందరి తీరుగ?" అన్నాడు సార్. ఇప్పుడు గొంతులో కోపం తగ్గి, అసలైన ప్రశ్న వచ్చింది.

అలేఖ్య పక్క బల్ల పిల్ల కాగితం అడిగి తీసుకుంది. రెండు కాగితాలనూ ల్యాంపు ముందు ఒకదానిమీద ఒకటి పెట్టి చూసింది. చాలాసేపు చూసింది. మొహిద్దీన్ చెయ్యి జేబులోని ఖాళీ కాగితం మీదికి పోయింది.

"సార్, మొదటి రెండు చుక్కలు ఇద్దరియి ఒక్కతాననే ఉన్నయి" అంది మెల్లగా. "అంటే అక్కడ ఇద్దరికీ వెలుతురే తక్కువ. ఏం మార్చినా అక్కడ ఫరక్ రాదు. నా కొమ్మ పెద్దదైతే మొదటి చుక్క నుంచే నాకు ఎక్కువ రావాలె. రాలే. అందుకని కొమ్మది కాదు."

"ఊఁ."

"తొమ్మిది దగ్గర నుంచి వాళ్ల గీత వంగుతున్నది. వెలుతురు ఇంకా ఇచ్చినా బుడగలు పెరుగుతలెవ్వు. అంటే అక్కడ అడ్డం పడేది వెలుతురు కాదు, వేరేది. నాకు అది ఎక్కువున్నది, అందుకే నా గీత ఇంకా పైకి పోయింది. ఆ వేరేది వేడి కావొచ్చు, కార్బన్ డయాక్సైడ్ కావొచ్చు. థర్మామీటరు నాదీ ఇరవై ఎనిమిదే, వాళ్లదీ ఇరవై ఎనిమిదే. అందుకని..."

ఆగిపోయింది. తన మాట ఎక్కడికి వచ్చి ఆగిందో ఆ పిల్లకు అర్థమైంది. కళ్లు ఒక్క క్షణం గోడ దగ్గరికి పోయి, మొహిద్దీన్ మొహం మీద ఆగి, మళ్లీ గ్రాఫు మీదికి వచ్చాయి.

"అందుకని కార్బన్ డయాక్సైడే. నా నీళ్లల్ల సోడా ఎక్కువున్నది సార్" అంది.

ఎంత చక్కగా చెప్పింది. ఎంత చక్కగా చెప్పిందో అంత నిండుగా ఇరుక్కుంది. ఒకే టబ్బు నీళ్లు అందరికీ పోసినప్పుడు, ఒక్క బీకరులో సోడా ఎక్కువెట్లా అవుతుంది? ఎవరో వేస్తేనే. ఆ బీకరు ముందు కూర్చున్నది ఎవరు? యుగేందర్ సార్ కళ్లద్దాలు తీశాడు.

"ఇంకొక్క ప్రశ్న. పదహారు నుంచి ఇరవై అయిదుకు నీ గీత కూడా వంగుతున్నది. ఇప్పుడు ఏది అడ్డం?"

"వెలుతురొక్కటే కాదు సార్. వేడి కావొచ్చు, మళ్ల కార్బన్ డయాక్సైడే కావొచ్చు. గీ ఒక్క గీత చూసి చెప్పరాదు. నీళ్లు జర గోరువెచ్చగ చేసి చూడాలె. పెరిగితే వేడే అడ్డమున్నట్టు. మరీ వేడి చేస్తే ఎంజైములు చెడిపోయి ఉన్నది కూడా పడిపోతది."

"అంతా తెల్సు నీకు. తెలిసే వేసుకున్నట్టున్నవ్" అన్నాడు సార్. అరుపు లేదు ఆ మాటలో, అందుకే ఎక్కువ భయం వేసింది. "సోడా నువ్వు వేసినవా?"

"లేదు సార్."

"మరెవరు వేసిండ్రు?"

అలేఖ్య మాట్లాడలేదు. తెలియదని కూడా అనలేదు. తెలియదంటే అది అబద్ధమవుతుంది, తెలుసంటే పేరు చెప్పాలి. పెదవులు బిగించి గ్రాఫు వైపు చూస్తూ కూర్చుంది. యుగేందర్ సార్ మనోరమ మేడమ్ వైపు తిరిగి, మాల్‌ప్రాక్టీస్ కాగితం ఎక్కడుందని అడిగాడు.

మొహిద్దీన్ గోడ వదిలి ముందుకొచ్చాడు. ఎట్లా వచ్చాడో ఆయనకే తెలియదు. జేబులో నుంచి ఖాళీ కాగితం మడత తీసి ఏడో బల్ల మీద పెట్టాడు. మడతల్లో ఇంకా తెల్లటి పొడి అంటుకుని ఉంది.

"నేనేసిన సార్. మా ఇంట్లకెళ్లి తెచ్చిన. ఆ బిడ్డకు తెల్వదు."

"ఎందుకు?"

"బుడగలు ఎక్కువొస్తే మార్కులు ఎక్కువొస్తయి కదా సార్."

ల్యాబులో ఎవరో కిసుక్కుమన్నారు. మనోరమ మేడమ్ అటు చూసింది, నవ్వు ఆగిపోయింది. ఆమె మొహంలో కోపం కంటే వేరే ఏదో ఎక్కువ ఉంది. ఏడేళ్లు ఒకే గదిలో పనిచేసిన మనిషికి, రోజూ బోర్డు మీద గీసే గీత ఏమిటో తను ఒక్కసారీ చెప్పలేదు కదా అని ఆమెకు అప్పుడు తట్టిందేమో.

యుగేందర్ సార్ ఆ కాగితం వైపు, ఆ మనిషి తెల్లగడ్డం వైపు చూసి, కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత తేల్చేశాడు. ఏడో బల్లకు టబ్బులో నుంచి మళ్లీ నీళ్లు, తొట్టిలో నుంచి కొత్త కొమ్మ, గంట సమయం. అమ్మాయి మళ్లీ చేయాలి. రెండో గ్రాఫు అందరిలా వస్తే మొదటిదాని గురించి ఆమె చెప్పిందంతా నిజమే. అటెండర్ మాత్రం ఈ క్షణం నుంచి ల్యాబులో ఉండకూడదు. "పరీక్షలు అయిపోయేదాకా లోపలికి రావొద్దు మీరు. జరిగింది ప్రిన్సిపాల్‌కు రాసిస్త" అన్నాడు.

"మంచిది సార్" అన్నాడు మొహిద్దీన్. ముప్ఫై రెండేళ్లలో మొదటిసారి, ప్రయోగం నడుస్తుండగా ఆ తలుపు దాటి బయటికొచ్చాడు.

ల్యాబు వెనుక తొట్టి గట్టు మీద కూర్చున్నాడు. లోపల ఏం జరుగుతుందో కనబడదు, నల్లగుడ్డలు అడ్డం. కొత్త కొమ్మ ఎవరు కోశారో, నీళ్లలో కోశారో బయట కోశారో. పిల్ల మళ్లీ కాడ నొక్కిందేమో. మళ్లీ సున్నాలేమో. వేళ్లు వాటంతటవే కణుపులు లెక్కపెడుతున్నాయి, నిమిషం మీద నిమిషం. దేవుణ్ని కూడా ఏమని అడగాలో తోచలేదు. ఎక్కువ బుడగలు ఇవ్వమందామంటే, అదే కదా తప్పయింది. ఆయన ఏడ్చాడు. సిగ్గులేకుండా, భుజం మీది తువ్వాలుతో మొహం కప్పుకుని ఏడ్చాడు.

ఎండ నెత్తి మీదికి వచ్చాక అలేఖ్య బయటికొచ్చింది. మొహం కడుక్కున్నట్టుంది, ముంగురులు తడిగా ఉన్నాయి. వచ్చి గట్టు మీద కొంచెం దూరంగా కూర్చుంది.

"మూడు, పన్నెండు, ఇరవై, ఇరవై రెండు, ఇరవై రెండు" అంది. "అందరి తీరుగనే వచ్చింది చాచా. సార్ రెండు గ్రాఫులూ పిన్నుకొట్టి తీసుకున్నడు. మాల్‌ప్రాక్టీస్ కాగితం రాయలే."

మొహిద్దీన్ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "అల్లా" అని మాత్రం అన్నాడు. కొంచెం ఆగి, "కొమ్మ ఎవరు కోసిండ్రు?" అన్నాడు.

"నేనే. నీళ్లల్లనే కోసిన. నొక్కలే."

"బిడ్డా, నాతోని తప్పయింది."

ఆ పిల్ల గట్టు మీద నుంచి కిందికి వంగింది. పక్కన పడి ఉన్న పుల్ల తీసుకుని మట్టిలో గీత గీసింది. ఎక్కి, వంగి, అడ్డంగా పోయే గీత. దాని మీద ఇంకొకటి, అదే చోట పుట్టి, ఇంకా పైకి పోయే గీత. ఎన్నో ఏళ్లుగా బోర్డు మీద నుంచి ఆయన తుడిచేస్తూ వచ్చిన బొమ్మ అది.

"ఇటు చూడు చాచా. ఆకుకు వెలుతురు కావాలె, కార్బన్ డయాక్సైడ్ కావాలె, సరిపడ వేడి కావాలె. మూడిట్ల ఏది తక్కువుంటే పని దాని దగ్గర ఆగుతది. మిగతా రెండు ఎంత పోసినా లాభం లేదు. గిక్కడిదాక వెలుతురు తక్కువ, అందుకే ఎక్కుతున్నది. గిక్కడ వెలుతురు చాలింది, ఇంకోటి తక్కువైంది, అందుకే పండుకున్నది. బుడగలు ఎన్నని కాదు సార్ అడిగేది. ఎక్కడ ఏది తక్కువైందో చెప్పమంటడు."

మొహిద్దీన్ ఆ గీతల వైపు వంగి చూశాడు. వంపు మీద వేలు పెట్టి, పైకీ కిందికీ ఒకసారి జరిపాడు. మూడిట్లో తక్కువైందే పనిని ఆపుతుంది. ఇంత చిన్న మాటా. ఇంత చిన్న మాట తెలియక ఈ బిడ్డను మాల్‌ప్రాక్టీస్ దాకా తీసుకుపోయాడా.

"నువ్వు సున్నాలు రాసుకొని ఏడ్చిన రోజు నేను చూసిన" అన్నాడు. "నా పాణం ఆగలే. నీకు ఏదో తక్కువుందనిపించింది. అందుకే ఏసిన."

అలేఖ్య పుల్ల కింద పడేసింది.

"నాకేం తక్కువ లేకుండె చాచా. తక్కువున్నదని నువ్వే అనుకున్నవ్."

ఆయన చెయ్యి చాపి, కాస్త జంకి, పిల్ల తల మీద పెట్టాడు. ఆమె తల తీసుకోలేదు. రెండు పూటలా బ్యాచులున్నాయి కాబట్టి లోపల ఎవరో బల్లలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఇద్దరూ ఎండలో, తొట్టి గట్టు మీద అట్లాగే కూర్చుండిపోయారు.